రెండు వేళ్ల వాలు

సంక్రాంతికి ఊరొచ్చిన నా తమ్ముడి కూతురు మిర్చి చేను గట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని బొమ్మ గీస్తోంది. నేను పార పట్టుకుని మడవ తిప్పుతున్నాను. ఒక సాలు తడిసి నీళ్లు చివరికి చేరగానే దాని మూతి మూసి పక్క సాలుకు తెరవాలి. కారేపల్లిలో పుట్టిన పిల్ల కాబట్టి ఈ పని ఆమెకు కొత్త కాదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. కాలేజీలో వ్యాసం రాయమన్నారట. సమాధుల చుట్టూ వేసిన చార్‌బాగ్ తోటలు, వాటిలో నీటి కాలువలు, ఇదీ విషయం.

బొమ్మ చూపించింది. ఒక పెద్ద చదరం. దాని మీద అడ్డంగా ఒక నీలం గీత, నిలువుగా ఒక నీలం గీత. రెండూ కలిసేచోట సమాధి. నాలుగు మూలలా ఆకుపచ్చ రంగు. చార్ అంటే నాలుగు, బాగ్ అంటే తోట. చూడ్డానికి బాగుంది. కానీ నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్ఫై ఏళ్లు కాలువ గట్ల మీద తిరిగినవాణ్ని. నీలం గీత కనబడితే నాకు మొదట తోచేది ఒకటే ప్రశ్న.

"ఇందులో నీళ్లు ఎటు నుంచి ఎటు పారతయి బిడ్డా?"

"మధ్యలోంచి నాలుగు దిక్కులకు, పెదనాన్నా."

"మధ్యలో సమాధి పెట్టినవు కదా. మరి నీళ్లు ఎక్కడ పుట్టినయి?"

పెన్సిల్ ఆగిపోయింది. కాసేపు బొమ్మ వంక, కాసేపు నేను తెరిచిన సాలు వంక చూసింది. "పుస్తకాల్లో నాలుగు నదులని ఉంది. స్వర్గంలో నీళ్ల నది, పాల నది, తేనె నది, మద్యం నది ఉంటాయట. అందుకే నాలుగు కాలువలట," అంది. కాదనలేదు నేను. కట్టించినవాళ్ల మనసులో ఆ స్వర్గం ఉండే ఉంటుంది. కానీ తేనె నదైనా పల్లానికే పారాలి. తూము ఎక్కడ, మెరక ఎక్కడ, చివర మడికి నీళ్లు అందాయా లేదా అన్నది తెలియకుండా ఆ తోట నాకు అర్థం కాదు.

ఆ ప్రశ్న పట్టుకునే ఇద్దరం బయల్దేరాం. ముందు గోల్కొండ, తర్వాత ఢిల్లీ.

కారేపల్లి జంక్షన్ బొగ్గు కోసం పుట్టిన దారిలో ఉంది. డోర్నకల్ నుంచి వచ్చే లైను ఇక్కడ చీలి, ఒక పాయ ఇల్లందుకు, ఒక పాయ కొత్తగూడెం దాటి అడవి వైపు వెళ్తుంది. మా మండలం పేరు సింగరేణి. ఆ పేరే బొగ్గు కంపెనీకీ వచ్చింది. ఈ దారికీ గోల్కొండకూ ఇంకో పాత సంబంధం ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్న పాల్వంచ తహశీల్దారు. చెరసాలలో ఉన్నది గోల్కొండలో. ఆయన్ని బంధించిన తానీషా కుతుబ్‌షాహీ సుల్తానుల్లో చివరివాడు. తన పెద్దల సమాధుల మధ్య ఆయనకు చోటు దక్కలేదు. మొఘలుల బందీగా దౌలతాబాద్ కోటలో ఉండి పోయాడు, ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. ఆ పెద్దల సమాధులు ఉన్న చోటు ఇబ్రహీంబాగ్. 106 ఎకరాల ఆ ఆవరణ పేరులోనే తోట ఉంది.

మేము లోపలికి వెళ్లేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. ఉల్లిపాయ గుమ్మటాలు, కింద కమానుల వరస, చుట్టూ చదరపు అరుగులు. పిల్ల తన నీలం గీతల కోసం వెతికింది. దొరకలేదు. 1543లో పోయిన సుల్తాన్ కులీ సమాధి నుంచి మొదలుపెట్టి, హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి దాకా ఒక్కొక్కటీ తన అరుగు మీద తానే ఒక లోకంగా నిలబడి ఉంది. అన్నిటినీ కలిపే ఒకే అక్షం, ఒకే కాలువల చట్రం ఇక్కడ లేవు. నేల కూడా ఎగుడుదిగుడు, రాతి గుట్టల పక్క నేల. చదరం ఉంది, మధ్యలో కట్టడం ఉంది, చుట్టూ తోట ఉంది, కానీ చార్‌బాగ్ పూర్తిగా లేదు. ఈ సంగతి వ్యాసంలో ఉన్నదున్నట్టు రాయమన్నాను. గుమ్మటం చుట్టూ చెట్లు కనబడగానే చార్‌బాగ్ అనేయడం చాలాచోట్ల చదివాను. అది నాకు నచ్చదు.

కానీ నీళ్లు ఎక్కడ పుట్టినయి అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. ఆ ఆవరణలో మెట్ల బావులు ఉన్నాయి. వాటిలో పెద్దది బడీ బావోలీ. 2013 వానలకు దాని గోడ ఒకటి కూలిపోతే ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు రాయి రాయి ఏరి, సున్నంతో మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. మేము బావి అంచున నిలబడి లోపలికి చూశాం. అడుగున పచ్చటి నీళ్లు. తోట నేల మా కాళ్ల దగ్గర, నీళ్లు మాకు చాలా కింద. మధ్యలో ఉన్నది మోట. ఎద్దులు వాలు మీద దిగుతూ తాడు లాగితే తోలు బొక్కెన పైకి వస్తుంది, తొట్టిలో పడుతుంది, అక్కడినుంచి మాత్రమే నీళ్లు తమంతట తాము నడుస్తాయి. మా నాన్న మోట తోలడం నేను చూశాను. పిల్లకు అది కథ. అందుకని కూర్చోబెట్టి చెప్పాను. తోట ఎంత ఎత్తులో ఉండాలన్నది తోటమాలి నిర్ణయం కాదు, తొట్టి అంచు ఎత్తు నిర్ణయిస్తుంది. ఆ అంచుకు ఒక్క వేలు ఎగువన ఉన్న మడికి కూడా నీళ్లు ఎక్కవు.

సాయంత్రం చార్మినార్ దగ్గరికి వెళ్లాం. గుల్జార్ హౌజ్ చుట్టూ బళ్లు తిరుగుతున్నాయి. నాలుగు కమానుల నడుమ ఉన్న ఆ నీటి తొట్టిని ఒకప్పుడు చార్ సూ కా హౌజ్ అనేవాళ్లు, నాలుగు దిక్కుల తొట్టి అని. నాలుగు బాటలు, మధ్యలో నీళ్లు. పిల్ల ఉలిక్కిపడినట్టు ఆగి, "ఇదే కదా పెదనాన్నా, తోట లేని చార్‌బాగ్," అంది. మధ్యలో సమాధి లేదు, నీళ్లున్నాయి. తను గీసిన బొమ్మకు అసలు రూపం అదేనని ఆమెకు తట్టింది.

ఆ మాట నిజమే. చార్‌బాగ్ ఎలా వేయాలో వివరంగా చెప్పిన పాత పుస్తకం ఒకటుంది. 1515లో హెరాత్‌లో ఖాసిం బిన్ యూసుఫ్ పారశీకంలో రాసిన ఇర్షాదుల్ జిరాఅత్. అది వాస్తుశాస్త్రం కాదు, వ్యవసాయ గ్రంథం. నేలలు, విత్తనాలు, తోటలు అన్నీ చెప్పి, చివరికి చార్‌బాగ్ కొలతల దగ్గరికి వస్తాడు. అందులో మేడ తోట నట్టనడుమ ఉండదు. ఒక చివర ఉంటుంది, ముందు తొట్టి, మధ్యగా కాలువ, అటూ ఇటూ మడులు. ఆ మధ్య చోటులోకి సమాధిని తెచ్చి పెట్టింది మన దేశానికి వచ్చాక. అలా పెట్టినందువల్లే నేను అడిగిన చిక్కు వచ్చింది. దాన్ని ఎలా విప్పారో చూడాలంటే ఢిల్లీ వెళ్లాలి. దగ్గరలో కావాలంటే ఒకప్పుడు నిజాం రాజ్యంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో బీబీ కా మక్బరా ఉంది. కానీ మూలం చూడాలని పిల్ల పట్టు.

తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో ఎక్కిన రైలు మర్నాడు పొద్దుటికి ఢిల్లీ చేర్చింది. ఫిబ్రవరి మొదటి వారం, మంచు ఇంకా వదల్లేదు. హుమాయూన్ సమాధి పడమటి దర్వాజా దాటేసరికి ఎర్రరాయి, తెల్ల గుమ్మటం పొగమంచులో సగం కనబడుతున్నాయి. పిల్ల గుమ్మటం చూసింది. నేను కిందికి చూశాను. బాట మధ్యలో, రాతిలో తొలిచినట్టు సన్నటి కాలువ. అందులో నీళ్లు. కదులుతున్నాయా లేదా అన్నంత నెమ్మదిగా.

హుమాయూన్ 1556లో పోయాడు. ఆయన పెద్ద భార్య హాజీ బేగం ఈ సమాధి కట్టించింది. 1560ల్లో మొదలై 1570ల మొదట్లో పూర్తయింది. పని నడిపించింది మీరక్ మీర్జా గియాస్, ఆయన తర్వాత ఆయన కొడుకు. గియాస్ హెరాత్ వైపు నుంచి వచ్చినవాడు, తోటలు వేయడంలో చేయి తిరిగినవాడు. సమాధి కట్టడానికి తోట పని తెలిసినవాణ్ని పిలిపించారన్నది నాకు చాలా ముఖ్యంగా తోచింది. ముందు నేల చదును చేసి, నీళ్లు చూసుకుని, ఆ తర్వాత రాయి పేర్చిన పద్ధతి అది.

తోట మొత్తం దాదాపు 30 ఎకరాలు. అంటే ఒక్కో పక్క సుమారు 350 మీటర్లు. పెద్ద బాటలు రెండు దాన్ని నాలుగు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్కను చిన్న బాటలు మళ్లీ తొమ్మిది గడులు చేస్తాయి. నాలుగు తొమ్మిదులు ముప్ఫై ఆరు. పచ్చీసు గడుల్లా నేల మీద పరిచి ఉంటాయి. ఒక్కో ముక్క తన లోపలి మూల గడిని ఇచ్చేస్తుంది. ఆ నాలుగు మూలలూ కలిసిన చోటే సమాధి అరుగు. మిగిలినవి ముప్ఫై రెండు గడులు. పిల్ల లెక్క గట్టి, గడికి ముప్ఫై మూడు గుంటలని చెప్పింది. బాటలు పోతే ముప్ఫై గుంటల లోపు. ఒక మనిషి ఒక పూటలో నీళ్లు కట్టగలిగిన చెక్క అది. మా ఊళ్లో చెలకలను పంచుకున్నా దాదాపు అలాగే వస్తాయి.

గడుల మధ్య గీతలు అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు. ఒక్కోటి 350 మీటర్లు. మొత్తం మూడున్నర కిలోమీటర్లు. మధ్యలో సమాధి తిన్నది తీసేస్తే మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఈ తోటను బాగుచేసినప్పుడు మూడు కిలోమీటర్ల కాలువలు మళ్లీ సరిచేశామని ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు చెప్పారు. మన వేళ్ల మీద లెక్క దానికి దగ్గరగా కుదిరేసరికి పిల్ల ముఖం వెలిగింది. గీసిన బొమ్మ మీద నమ్మకం కలిగేది అలాంటప్పుడే.

ఇక పాత ప్రశ్న. ఉత్తరపు గోడ మధ్యలో ఒక మండపం ఉంది. గోడకు అవతల పాత బావి. ఎద్దులు తోడిన నీళ్లు ఎత్తు మీద పడి, అక్కడినుంచి తోటలోకి దిగాయి. అంటే నీళ్లు మధ్యలో పుట్టలేదు, అంచున పుట్టాయి. అంచు నుంచి మధ్యకు వచ్చి, మధ్యను చుట్టి, అవతలి అంచుకు చేరాలి. పెద్ద కాలువ నేరుగా సమాధి అరుగు దగ్గరికి వెళ్లి అక్కడ మాయమవుతుంది. అవతలి పక్కన అదే గీతలో మళ్లీ కనబడుతుంది. తోట కింద నదులు పారే స్వర్గం గుర్తుకొస్తుంది చూసేవాడికి. కాలువ మధ్యలో అక్కడక్కడా చదరపు తొట్లు. బాటలు కూడలి అయ్యే చోట్ల పడ్డాయి అవి. పారే నీళ్లు అక్కడ ఒక్క క్షణం నిలబడి, మట్టి కిందికి దించుకుని, తేటపడి నాలుగు దారుల్లోకి చీలతాయి. మా చెరువు కాలువల మీద నీళ్లు పంచే తొట్లు చూసినవాడికి ఈ పని వెంటనే అర్థమవుతుంది.

అప్పుడు వాలు సంగతి వచ్చింది. ఈ కాలువలను ప్రతి 40 మీటర్లకు ఒక సెంటీమీటరు దిగేట్టు సరిచేశారు. నాకు ఆ అంకె ముందే తెలుసు, కానీ అక్కడ నిలబడి చూసేదాకా ఒంటికి పట్టలేదు. సమాధి అరుగు నుంచి గోడ దాకా సుమారు 130 మీటర్లు. అంత దూరానికి దిగుడు మూడు సెంటీమీటర్లు, అంటే నా రెండు వేళ్ల మందం. తోట ఈ చివర నుంచి ఆ చివరకు పారినా తొమ్మిది సెంటీమీటర్ల లోపే, సగం జానెడు కూడా కాదు. మా చేలో మట్టి కాలువకు ఇంత తక్కువ వాలు ఇస్తే నీళ్లు సగం దారిలో ఇంకిపోతాయి. గడ్డి ఆపేస్తుంది, ఎలుక బొక్క తాగేస్తుంది. నున్నగా తీర్చిన రాయి, సున్నపు కీళ్లు ఉన్నాయి కాబట్టి ఇక్కడ సాగింది.

మరి కొంచెం ఎక్కువ వాలు ఇస్తే ఏం పోయింది? పిల్ల అదే అడిగింది. రెండు పోతాయి. ఒకటి, నీళ్లు గబగబా పారితే అద్దంలా నిలవవు. గుమ్మటం వాటిలో కనబడదు. రెండోది అసలుది. వాలు పెరిగేకొద్దీ కాలువ చివర బాట కన్నా కిందికి దిగిపోతుంది, లేదా బాటే దిగాలి. బాట దిగితే గడులు ఇంకా దిగాలి. 350 మీటర్ల చదరం ఒక పక్కకు ఒరిగినట్టు అవుతుంది. తోట అంతా ఒకే తలంలా కనబడాలంటే, నీళ్లు మాత్రం కదలాలంటే, ఆ రెండు కోరికల మధ్య మిగిలింది ఈ రెండు వేళ్ల సందే. కాశ్మీర్ షాలిమార్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ కొండ వాలు ఉంది కాబట్టి తోటను మెట్లు మెట్లుగా కట్టి, మెట్టు దగ్గర నీళ్లను చెక్కిన రాతి పలక మీద దుప్పటిలా జార్చారు. దాన్ని చాదర్ అన్నారు. ఢిల్లీలో నేల చదును. చదును నేల మీద నీళ్లు నడపడం కొండ మీద నడపడం కన్నా కష్టం. కాలువ పని చేసినవాళ్లెవరైనా ఈ మాట చెప్తారు.

ఇంత తక్కువ వాలులో తప్పు ఎంత దూరం పాకుతుందో లెక్క వేసి చూపించాను. కాలువ అడుగున ఒక రాయి ఐదు మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుందనుకుందాం. 40 మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు కాబట్టి, ఆ ఐదు మిల్లీమీటర్ల అడ్డం ఎగువన 20 మీటర్ల దాకా నీళ్లను నిలబెడుతుంది. మోటారు ఆపేశాక ఆ 20 మీటర్లూ ఆరవు. అక్కడే మట్టి దిగుతుంది, పాచి పడుతుంది. కాబట్టి కొలిచే పరికరం లేకపోయినా తప్పు పట్టుకోవచ్చు. పాచి ఎక్కడ మొదలై ఎక్కడ టక్కున ఆగిపోయిందో చూస్తే చాలు. ఆగిన చోటే ఎత్తు రాయి ఉంటుంది. పక్క కాలువ ఒకదాంట్లో అలాంటి పాచి పట్టీ కనబడింది. పిల్ల వంగి వేలితో తడుముతూ వెళ్లింది. పట్టీ ఆగిన కీలు దగ్గర, ఒక రాయి అంచు గోటికి తగిలింది. చిన్నపిల్లలా నవ్వింది. నేను కూడా వంగి తడిమాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, ఆ అంచు మా ఊళ్లో బండ పరిచిన వాకిట్లో కాలికి తగిలే అంచు లాంటిదే.

ఇంకో తప్పు కూడా ఉంది, అది పాచిలా కనబడదు. కాలువ రెండు అంచుల ఎత్తూ సమానంగా ఉండాలి. నిలువు వాలు సరిగ్గా ఉండి అడ్డవాలు తప్పితే, ఒక పక్క రాయి ఎప్పుడూ తడిగా, ఒక పక్క ఎప్పుడూ పొడిగా ఉంటుంది. నీళ్లు పొర్లేటప్పుడు ఒక పక్క గడులకే పోతాయి. దాన్ని ఎండలో కాదు, పొద్దుటి పూట రాయి రంగు చూసి పట్టుకోవాలి.

గడుల సంగతి చెప్పకపోతే తోట సగమే చెప్పినట్టు. పిల్ల బొమ్మలో కాలువ, బాట, పచ్చిక అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇక్కడ అలా కాదు. అన్నిటికన్నా ఎత్తు బాట. బాట మధ్యలోనే కాలువ. గడి ఆ రెండిటికన్నా కింద. చేనుకు గట్టు ఎందుకు ఎత్తో, గట్టు మీది బోదె కాలువ మడి కన్నా ఎందుకు ఎత్తో అదే కారణం. కాలువ ఎత్తున ఉంటే ఎక్కడ మూతి తీసినా నీళ్లు గడిలోకి దిగుతాయి. గడి కింద ఉంటే నీళ్లు అందులో నిలిచి చెట్ల వేళ్లకు పడతాయి. అవి మొదట చూపు కోసం పెంచిన పచ్చిక బయళ్లు కావు, పండ్ల చెట్ల తోటలు. మామిడి, నిమ్మ పెట్టే చోటు. బాట మీద నడిచేవాడికి కొమ్మలు, కాయలు చేతికందే ఎత్తులో ఉంటాయి. పాదు చేసిన నిమ్మచెట్టును గట్టు మీదినుంచి చూసినట్టు.

ఈ ఎత్తుపల్లాలే మొదట చెడిపోయాయి. బ్రిటిషు వాళ్ల కాలంలో, 1860 ప్రాంతంలో ఈ తోటను ఇంగ్లిషు పద్ధతికి మార్చారు. పెద్ద బాటల మీది చదరపు తొట్ల చోట గుండ్రటి పూల మడులు వేశారు. గుండ్రం వేసిన మరుక్షణం నీళ్ల దారి తెగిపోయినట్టే. కర్జన్ ఆజ్ఞతో 1903, 1909 మధ్య మళ్లీ చదరాలకు తెచ్చి, కాలువలకు ఎర్రరాయి పరిచారు. 1947లో దేశం చీలినప్పుడు ఈ ఆవరణ శరణార్థుల శిబిరమైంది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జనం ఏళ్ల తరబడి ఇక్కడ తలదాచుకున్నారు. కాలువ రాళ్ల కన్నా ఆ మనుషుల ప్రాణం ముఖ్యం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తోట బాగా దెబ్బతింది.

ఈ మార్పులన్నిటికన్నా నెమ్మదిగా, ఎవరి కంటా పడకుండా పెరిగింది మన్ను. ఏటేటా రాలిన ఆకు, ఎరువు, పచ్చిక కోసం పోసిన మట్టి. గడి మెల్లగా ఎత్తు పెరిగి బాటను అందుకుంటుంది. అప్పుడు కాలువ మూతి తెరిచినా నీళ్లు దిగవు. ఆగాఖాన్ ట్రస్ట్, భారత పురావస్తు శాఖ కలిసి ఈ తోటను బాగుచేసి 2003లో తెరిచారు. ఆ పనిలో మూడు వేల లారీల మట్టి బయటికి తీశారు, 12,000 ఘనపు మీటర్లు. 30 ఎకరాల మీద సమంగా పరిస్తే ఎంత మందం వస్తుందో లెక్క కట్టమన్నాను. పిల్ల ఫోను తీయకుండా, వేళ్ల మీదే గుణించి చెప్పింది. పది సెంటీమీటర్లు. అంటే తోట ఒక చివర నుంచి మరో చివరకు ఉన్న మొత్తం వాలు కన్నా పైన చేరిన మట్టే ఎక్కువ! ఆ మట్టిని తీయకుండా కాలువలు ఎంత చక్కగా కట్టినా నీళ్లు వాటి ఇష్టం వచ్చిన చోటికి పోయేవి. ఆ పనిలోనే పాత బావులు పూడిక తీశారు, వాన నీరు భూమిలోకి ఇంకేలా 128 గుంతలు తవ్వారు. కాలువ కన్నా ముందు బావి బతకాలి కదా. నది ఒడ్డున కట్టిన తోట ఇది, యమున ఇప్పుడు దూరం జరిగిపోయింది.

మధ్యాహ్నానికి మంచు విడిచింది. నీడలు పొట్టివయ్యాయి. ఒక వేపాకు కాలువలో పడింది. "దీన్ని చూద్దాం," అని పిల్ల దాని పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఆకు నడక మనిషి నడక కన్నా చాలా నెమ్మది. నాలుగడుగులకు ఒకసారి ఆగి ఆకు కోసం ఎదురుచూస్తోంది. తొట్టి దగ్గరికి రాగానే ఆకు గుండ్రంగా తిరిగింది, ఒక మూలకు పోయింది, మళ్లీ బయటపడి సమాధి వైపు కాలువ పట్టింది. నేను నీడలో కూర్చుని చూస్తున్నాను. తోటమాలి ఒకాయన గడిలో పారతో పని చేస్తూ నన్ను చూసి, మా పిల్ల ఏం వెతుకుతోందని హిందీలో అడిగాడు. ఆకు ఎంతసేపట్లో వెళ్తుందో చూస్తోందని చెప్పాను. ఆయన పార ఆపి, ఆ కాలువలో ఏ చోట నీళ్లు ఆగుతాయో తన చేతితో చూపించాడు. మేము పాచి పట్టీ చూసిన చోటే.

తిరుగు ప్రయాణంలో రైల్లో పిల్ల పాత బొమ్మ చించేసి కొత్తది గీసింది. ఈసారి పై నుంచి చూసినట్టు కాదు, కత్తితో కోసినట్టు. ఎడమ చివర బావి, దాని పైన మోట తొట్టి. అక్కడినుంచి గోడ, కాలువ, బాట, దాని కింద గడి, గడిలో నిమ్మచెట్టు వేరు, మళ్లీ బాట, చివర సమాధి అరుగు. గీత వాలు కాగితం మీద కనబడదు కాబట్టి పక్కన అంకె వేసింది. అది చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో రాయలేను.

కారేపల్లిలో దిగేసరికి రాత్రయింది. మర్నాడు పొద్దున్నే పిల్ల మేస్త్రీ దగ్గర ట్యూబు లెవెల్ అడిగి తెచ్చింది, రెండు మూరల కర్రలకు కట్టిన నీళ్ల గొట్టం. మా మిర్చి చేను పెద్ద కాలువ పొడవునా ఒక కొస తను పట్టుకుంది, ఒక కొస నాకిచ్చింది. అరవై మీటర్లకు దిగుడు జానెడు తేలింది.

"ఇంత వాలా పెదనాన్నా?"

"మట్టి కాలువ బిడ్డా. ఇంత లేకపోతే చివరి సాలు ఎండుతది."

ఆమె పుస్తకంలో రాసుకుంది. నేను మోటారు వేసి, మొదటి సాలు మూతి తెరిచాను.